పాత లాప్‌టాప్‌లో క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్: పెన్‌డ్రైవ్ పరీక్ష ఏం చెబుతుంది, ఏం చెప్పదు

పాత కంప్యూటర్లను బాగుచేసి మళ్లీ వాడుకలోకి తేవడం నా వృత్తి. కింద రాసినది ఒక ఇంటి లాప్‌టాప్ కథ. ఆ కుటుంబాన్ని గుర్తుపట్టే వీలు లేకుండా ఊరు, వ్యక్తుల వివరాలు వదిలేశాను. యంత్రం వివరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను. పాత కంప్యూటర్లలో విండోస్ బదులు వేసుకోవడానికి గూగుల్ ఇచ్చే, బ్రౌజర్ చుట్టూ నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్. దాన్ని పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసి, బాగుందనిపించగానే ఇన్‌స్టాల్ చేసేవారు చాలామంది ఉన్నారు. ఆ రెండు పనుల మధ్య చూసుకోవలసినదేమిటో ఈ కేసు స్పష్టంగా చూపింది కాబట్టి దీన్ని ఎంచుకున్నాను.

నేపథ్యం

లాప్‌టాప్ ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడిది. 2013లో కొన్నది, ఇంటెల్ మూడో తరం ఐ3 ప్రాసెసర్, బోర్డు మీదే అతికించిన 4 జీబీ ర్యామ్, నిమిషానికి 5400 సార్లు తిరిగే 500 జీబీ హార్డ్ డిస్క్. ర్యామ్ పెంచడానికి వేరే స్లాట్ లేదు. మొదట విండోస్ 8తో వచ్చిన ఈ యంత్రంలో తరువాత ఎవరో విండోస్ 10 వేశారు. మాస్టారు దానిలో మెయిల్ చూసుకుంటారు, పెన్షనర్ల సంఘం కోసం తెలుగులో ఉత్తరాలు రాస్తారు, కరెంటు బిల్లు కడతారు. ఆయన కుమార్తె గ్రూప్-2 పరీక్షకు చదువుతోంది. ఆన్‌లైన్ క్లాసులు వినడానికి, పీడీఎఫ్‌లు చదవడానికి, మాక్ టెస్టులు రాయడానికి ఆమెకు ఫోన్ కంటే పెద్ద తెర కావాలి.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా వేసుకోవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌తో పాటు, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచి మొదలయ్యే ప్రాసెసర్ ఉండాలి. అందువల్ల ఈ యంత్రానికి ఆ దారి మూసుకుపోయింది.

వచ్చిన సమస్య

"ఆన్ చేసి, స్నానం చేసి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది బాబూ" అన్నారు మాస్టారు. ఆయన మేనల్లుడు అప్పటికే ఒక పెన్‌డ్రైవ్‌లో క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ తయారుచేసి, దానినుంచి లాప్‌టాప్ నడిపి చూశాడు. బ్రౌజర్ చకచకా తెరుచుకుంది, క్లాసు వీడియో ఆగకుండా నడిచింది. ఇక ఇన్‌స్టాల్ నొక్కేయడమే తరువాయి అని అతను అంటుంటే, అందులోని ఫోటోలు పోతాయేమోనన్న భయంతో మాస్టారు యంత్రాన్ని నా దగ్గరకు పంపారు.

ఇన్‌స్టాల్ చేస్తే లోపలి డిస్క్ మొత్తం చెరిగిపోతుంది. విండోస్‌ను పక్కన ఉంచి రెండూ వాడుకునే ఏర్పాటు ఫ్లెక్స్‌లో లేదు. కాబట్టి ఆయన భయం న్యాయమైనదే. అయితే నన్ను ఆపింది మరో ప్రశ్న. నెమ్మది ప్రాసెసర్‌దా, ర్యామ్‌దా, విండోస్‌దా, డిస్క్‌దా? పెన్‌డ్రైవ్ నుంచి నడిచేటప్పుడు ఫ్లెక్స్ తన ఫైళ్లన్నిటినీ పెన్‌డ్రైవ్‌లోనే ఉంచుకుంటుంది, లోపలి హార్డ్ డిస్క్‌ను వాడదు. అంటే మేనల్లుడి పరీక్ష ప్రాసెసర్‌నూ, ర్యామ్‌నూ, వైఫైనీ, తెరనూ పరీక్షించింది గానీ, డిస్క్‌ను అసలు ముట్టుకోలేదు. డిస్క్ చెడి ఉంటే, ఇన్‌స్టాల్ చేసిన మరుక్షణం ఆ చకచక అంతా మాయమవుతుంది, పైగా అప్పటికి ఫోటోలు కూడా ఉండవు.

డిస్క్‌ను చూడడం

విండోస్‌ను ఓపికగా తెరుచుకోనిచ్చి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ విభాగానికి వెళ్లి డిస్క్ గ్రాఫ్ చూశాను. ప్రాసెసర్ వాడకం పది శాతం దాటడం లేదు. డిస్క్ మాత్రం నూటికి నూరు శాతం పనిలో ఉన్నట్టు చూపుతోంది. ఇంతవరకు ఏ పాత హార్డ్ డిస్క్‌లోనైనా కనిపించేదే. అసలు చూడవలసినవి దాని కిందున్న రెండు అంకెలు. చదివే వేగం సెకనుకు కొన్ని వందల కిలోబైట్లే ఉంది, సగటు ప్రతిస్పందన సమయం మాత్రం వేల మిల్లీసెకండ్లలోకి పోతోంది. విండోస్ భారం వల్ల డిస్క్ తీరిక లేకుండా ఉంటే, నూరు శాతంతో పాటు చెప్పుకోదగ్గ వేగమూ కనిపించాలి. నూరు శాతం పనిలో ఉండి, దాదాపు ఏమీ చదవలేకపోతోందంటే అది ఒకే చోటును మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తోందని అనుమానించాలి.

నిర్ధారణ కోసం క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌తో డిస్క్ తన గురించి తానే రాసుకునే స్మార్ట్ వివరాలు చూశాను. అందులో C5 అనే వరుస, అంటే డిస్క్ చదవలేకపోయి ఇంకా తేల్చని సెక్టార్లు అనే చిన్న భాగాల లెక్క, సున్నాగా ఉండాలి. ఇక్కడ సున్నా లేదు, పైగా కాసేపటి తరువాత మళ్లీ చూస్తే పెరిగింది. 05 వరుస, అంటే చెడిపోయి వేరే చోటికి మార్చిన సెక్టార్ల లెక్క కూడా సున్నా దాటింది. 05లో చిన్న అంకె ఉండి ఏళ్ల తరబడి కదలకపోతే అంత కంగారు పడనవసరం లేదు. కళ్లముందే పెరిగే C5 మాత్రం డిస్క్ పోతోందని చెబుతుంది.

విండోస్ 10లో డిస్క్ ఆరోగ్యం చూడడానికి చాలామంది వాడే చిన్న ఆదేశం ఒకటుంది:

```
wmic diskdrive get model,status
```

ఈ యంత్రంలో అది `OK` అనే చూపింది. తయారీదారు పెట్టిన హద్దు దాటితే తప్ప ఆ ఆదేశం ప్రమాదాన్ని చెప్పదు. కాబట్టి అక్కడ కనిపించే `OK`ని నమ్మి ఇన్‌స్టాల్ మొదలుపెట్టకూడదు.

ముందు ఫోటోలు

చెడిపోతున్న డిస్క్‌ను ఎంత తక్కువగా తిప్పితే అంత మంచిది. కాబట్టి విండోస్‌ను శుభ్రం చేయడం, యాంటీవైరస్ స్కాన్, డీఫ్రాగ్ వంటివేవీ చేయలేదు. వాటిలో ప్రతిదీ డిస్క్‌కు చాలా పని పెడుతుంది. తిరిగి సంపాదించలేనివి ఏవని మాస్టారిని అడిగి, ముందు కుటుంబం ఫోటోలు, తరువాత ఉత్తరాలు అని వరుస పెట్టుకున్నాను.

ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌తో కాపీ చేస్తే చెడిన ఫైలు దగ్గర అది చాలాసేపు కొట్టుమిట్టాడి, మొత్తం పనిని ఆపేసి కూర్చుంది. అందుకే విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే ఆదేశంతో, F: అనే వేరే డ్రైవ్‌లోకి కాపీ చేశాను:

```
robocopy D:\Photos F:\Photos /E /XJ /R:1 /W:1 /LOG:F:\log.txt
```

ఇందులో `/R:1 /W:1` అన్న భాగమే ప్రాణం. అవి ఇవ్వకపోతే రోబోకాపీ చదవలేని ప్రతి ఫైలును పది లక్షల సార్లు, ప్రతిసారీ ముప్పై సెకండ్లు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. డిస్క్‌కు మిగిలిన ఆయుష్షు ఆ ఒక్క ఫైలు మీదే ఖర్చయిపోతుంది. ఇలా ఇస్తే ఒక్కసారే మళ్లీ ప్రయత్నించి, రానిదాన్ని వదిలి ముందుకు పోతుంది. ఏవి రాలేదో లాగ్ ఫైలులో రాసి ఉంటుంది. కొన్ని ఫోటోలు తప్ప అన్నీ వచ్చాయి. రానివాటి పేర్లు మాస్టారికి చూపించి, ఆయన ఒప్పుకున్నాకే తరువాతి అడుగు వేశాను.

పనికిరాని దారి: పెన్‌డ్రైవ్ మీదే ఉంచేయడం

డిస్క్ సంగతి చెప్పగానే మేనల్లుడు సబబైన ప్రశ్నే వేశాడు. "పెన్‌డ్రైవ్ మీద బాగానే నడిచింది కదా అన్నా, కొత్త డిస్క్ ఖర్చు లేకుండా అలాగే వదిలేస్తే?" అప్పటికి ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, కొనలేదు కాబట్టి, కొన్నాళ్లు అలాగే వాడి చూడమన్నాను. వాడుకే వారికి జవాబు చెబుతుందని నా ఉద్దేశం.

మొదట తగిలింది నిల్వ. దింపుకున్న పీడీఎఫ్‌లు, బ్రౌజర్ దాచుకునే పేజీలు అన్నీ ఆ పెన్‌డ్రైవ్‌లోనే పడాలి. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో వ్యవస్థ పోను మిగిలేది చాలా తక్కువ. రెండోది రాసే వేగం. మామూలు పెన్‌డ్రైవ్ పెద్ద ఫైలును ఒక వరుసలో చదవడంలో ఫరవాలేదు గానీ, చిన్న చిన్న రాతలు అనేకం ఒకేసారి వస్తే తడబడుతుంది. బ్రౌజర్ చేసేది సరిగ్గా ఆ పనే. పది నిమిషాల ప్రయత్నంలో ఇది బయటపడదు. రోజంతా ట్యాబ్‌లు తెరిచి మూస్తూ ఉంటే, టైప్ చేసిన అక్షరం తెరమీదకు రావడానికి ఒక్కోసారి రెండు మూడు సెకండ్లు పట్టిందని అమ్మాయి చెప్పింది. మూడోది అన్నిటికంటే ముఖ్యం: పెన్‌డ్రైవ్ నుంచి నడిచే ఫ్లెక్స్ తనంతట తాను అప్‌డేట్ కాదు. మద్దతు ఆగిన విండోస్‌ను వదిలి వచ్చి, భద్రతా సవరణలు రాని బ్రౌజర్‌లో బ్యాంకు పనులు చేయడంలో అర్థం లేదు. పెన్‌డ్రైవ్ నుంచి నడపడాన్ని హార్డ్‌వేర్ పరీక్షగానే చూడాలి.

ఎస్‌ఎస్‌డీ వేశాక, ఏ వ్యవస్థ?

240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ తెప్పించాం. ఆ కాలపు లాప్‌టాప్‌లలో రెండున్నర అంగుళాల డిస్క్ స్థానంలో అది నేరుగా కూర్చుంటుంది. ఫ్లెక్స్‌కు కనీసం కావలసింది 16 జీబీయే అయినా, మార్కెట్లో అంత చిన్నవి వెతకడం దండగ.

అయితే డిస్క్ మారాక అసలు ఫ్లెక్స్ ఎందుకు అన్న ప్రశ్న మళ్లీ వేసుకోవాలి. నెమ్మదికి కారణం డిస్కే అయినప్పుడు, ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ 10 కూడా బాగానే తెరుచుకుంటుంది. దాన్ని కాదనడానికి కారణం వేగం కాదు, మద్దతు ముగియడం. రెండో ప్రత్యామ్నాయం లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. ఆఫీసు సాఫ్ట్‌వేర్ యంత్రంలోనే ఉంటుంది, నెట్ లేకపోయినా పనిచేస్తుంది, పాత ప్రింటర్లను నడిపించే అవకాశమూ ఎక్కువ. ఇంట్లో కాస్త ఆసక్తిగా చూసుకునేవారు ఉంటే నేను దానికే మొగ్గేవాడిని. ఇక్కడ మేనల్లుడు వేరే ఊళ్లో ఉంటాడు, తక్కిన ఇద్దరూ బ్రౌజర్ బయటకు రారు.

ఫ్లెక్స్ అప్‌డేట్ అయ్యే తీరు అలాంటి ఇంటికి సరిపోతుంది. డిస్క్‌లో వ్యవస్థకు రెండు గదులు ఉంటాయి. ఒకటి నడుస్తుండగా కొత్త వెర్షన్ రెండో గదిలో నిశ్శబ్దంగా రాయబడుతుంది. తరువాత రీస్టార్ట్ చేసినప్పుడు యంత్రం అటు మారుతుంది. కొత్తది తెరుచుకోకపోతే పాత గది అలాగే ఉంటుంది. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయినా నడుస్తున్న వ్యవస్థకు దెబ్బ తగలదు. వేసవిలో కోతలుండి, లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయిన ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

అయినా ఫ్లెక్స్‌లో ప్లే స్టోర్ లేదు. క్రోమ్‌బుక్‌లో ఆండ్రాయిడ్ యాప్‌లు నడుస్తాయి కాబట్టి ఇందులోనూ నడుస్తాయని చాలామంది అనుకుంటారు; నడవవు. కోచింగ్ సంస్థ క్లాసులు ఆండ్రాయిడ్ యాప్‌లోనే వచ్చేవైతే ఈ నిర్ణయం మొత్తం తలకిందులయ్యేది. అందుకే అమ్మాయి చేత పెన్‌డ్రైవ్ మీదే ఆ సంస్థ వెబ్‌సైట్‌లో లాగిన్ చేయించి, ఒక రికార్డు చేసిన క్లాసు, ఒక ప్రత్యక్ష క్లాసు, ఒక మాక్ టెస్ట్ మూడూ నడిపించి చూశాను. మూడూ నడిచాయి. అవి నడిచాకే ఫ్లెక్స్ అని తేల్చాం.

ఇన్‌స్టాల్

మేనల్లుడి పెన్‌డ్రైవ్‌ను పక్కన పెట్టి, కొత్తగా తయారుచేశాను. వేరే కంప్యూటర్‌లో క్రోమ్ బ్రౌజర్‌కు `Chromebook Recovery Utility` అనే ఎక్స్‌టెన్షన్ జోడించి, మోడళ్ల జాబితాలో తయారీదారుగా `Google ChromeOS Flex`ను, దాని కింద `ChromeOS Flex`ను ఎంచుకోవాలి. పెన్‌డ్రైవ్ కనీసం 8 జీబీ ఉండాలి, అందులో ఉన్నవన్నీ పోతాయి. రాయడం పూర్తయ్యాక విండోస్ ఆ పెన్‌డ్రైవ్‌లోని చిన్న చిన్న విభాగాలను గుర్తుపట్టలేక, ఫార్మాట్ చేయమంటారా అని ఒకదాని వెంట ఒకటి కిటికీలు తెరవవచ్చు. అన్నిటినీ రద్దు చేయాలి. పెన్‌డ్రైవ్ పాడైందనుకుని ఫార్మాట్ నొక్కి, మళ్లీ మొదటికి వచ్చినవారిని చూశాను.

ఆన్ చేస్తూనే బూట్ మెనూ మీట నొక్కాలి. చాలా లాప్‌టాప్‌లలో అది F12, కొన్నిటిలో F9 లేదా Esc. ఈ యంత్రంలో పెన్‌డ్రైవ్ జాబితాలో రెండుసార్లు కనిపించింది, ఒకటి యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతి పేరుతో, ఒకటి మామూలుగా. యూఈఎఫ్ఐ ఉన్నదాన్నే ఎంచుకున్నాను. 2013 యంత్రం దానికి సరిపోతుంది, ఆ తరువాతి బూట్లు కూడా అదే పద్ధతిలో సాగుతాయి. స్వాగత తెర తరువాత `Install ChromeOS Flex`, `Try it first` అని రెండు ఎంపికలు వస్తాయి. కొత్త ఎస్‌ఎస్‌డీ ఖాళీది కాబట్టి ఇక చెరిగేదేమీ లేదు, ఇన్‌స్టాల్ ఎంచుకున్నాను. పని పూర్తయి యంత్రం ఆగాక పెన్‌డ్రైవ్ తీసి ఆన్ చేయాలి. తీయకుండా ఆన్ చేస్తే కొన్ని యంత్రాలు మళ్లీ పెన్‌డ్రైవ్ నుంచే తెరుచుకుంటాయి, ఇన్‌స్టాల్ కాలేదేమోనన్న అనుమానం కలుగుతుంది.

మొదట లాగిన్ అయిన ఖాతాయే యంత్రానికి యజమాని ఖాతా అవుతుంది. కొన్ని సెట్టింగులు ఆ ఖాతా నుంచే మారతాయి. కాబట్టి నా ఖాతాతో గానీ మేనల్లుడి ఖాతాతో గానీ కాకుండా, మాస్టారి ఖాతాతోనే మొదట తెరిపించి, ఆ తరువాత అమ్మాయిది జోడించాను.

వాడుకలో తేలినవి

తెలుగు టైపింగ్ గురించి మాస్టారికి బెంగ ఉండేది. సెట్టింగులలో ఇన్‌పుట్ పద్ధతుల కింద తెలుగు లిప్యంతరీకరణ జోడిస్తే, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టినది తెలుగులోకి మారుతుంది. Ctrl, Shift, Space మూడూ కలిపి నొక్కి భాష మార్చుకోవచ్చు. రెండో రోజుకే ఆయనకు చేయి కుదిరింది. కీబోర్డు పై వరుస మాత్రం కాస్త ఇబ్బంది పెట్టింది. F మీటలు వెనక్కి, రీఫ్రెష్, వెలుతురు వంటి పనులు చేస్తున్నాయి. సెట్టింగులలో పై వరుసను ఫంక్షన్ మీటలుగా చూడమని చెబితే సరిపోయింది.

వీడియో విషయంలో యంత్రం వయసు కనిపించింది. మూడో తరం ఇంటెల్ గ్రాఫిక్స్‌కు యూట్యూబ్ ఎక్కువగా వాడే వీపీ9 వీడియోను విప్పే హార్డ్‌వేర్ లేదు. ఆ పనంతా ప్రాసెసర్ మీద పడుతుంది. 1080లో పెడితే ఫ్యాన్ హోరెత్తి, చిత్రం కుదుపుతో నడిచింది; 720కి దించితే సాఫీగా సాగింది. క్లాసులకు అది చాలు. నాలుగు జీబీ ర్యామ్ కాబట్టి ట్యాబ్‌ల మీద కూడా కన్నేసి ఉంచాలి. విండోస్ గుర్తున్న మీటనూ Esc మీటనూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుని, ఏ ట్యాబ్ ఎంత మెమరీ తింటోందో చూపుతుంది. అమ్మాయికి అది ఒక్కసారి చూపిస్తే చాలు, క్లాసు మొదలయ్యే ముందు అనవసరమైనవి తానే మూసేస్తోంది.

పరిష్కారం కానిది ప్రింటర్ ఒక్కటే. ఇంట్లో ఉన్నది జిరాక్స్ షాపుల్లో ఇప్పటికీ కనిపించే రకం, యూఎస్‌బీ తీగతో నడిచే పాత చిన్న లేజర్ ప్రింటర్. ఆ రకం ప్రింటర్లు పేజీని తామే రూపొందించుకోవు. కంప్యూటర్‌లోని డ్రైవరే చుక్కల రూపంలోకి మార్చి పంపాలి. ఆ డ్రైవర్ తయారీదారు విండోస్ కోసం ఇచ్చినది. ఫ్లెక్స్‌లో బయటి డ్రైవర్ ప్రోగ్రామ్ వేసే వీలు లేదు, లోపల ఉన్న జాబితాలో ఆ మోడల్ లేదు. వేరే దగ్గరి మోడల్ ఎంచుకుని చూస్తే అర్థంలేని గుర్తులతో కాగితాలు వచ్చాయి. దాంతో వదిలేసి, ఉత్తరాలను పీడీఎఫ్ చేసి దగ్గరి షాపుకు మెయిల్ చేసే ఏర్పాటుకు మాస్టారు ఒప్పుకున్నారు. నెట్‌వర్క్ మీద డ్రైవర్ అవసరం లేకుండా నడిచే కొత్త ప్రింటర్లయితే ఈ చిక్కు ఉండదు.

ఈ కేసు నుంచి నా పద్ధతిలోకి వచ్చినవి

పెన్‌డ్రైవ్ పరీక్షకు ముందే డిస్క్ స్మార్ట్ వివరాలు చూడడం ఇప్పుడు నా తొలి అడుగు. విండోస్ ఇంకా తెరుచుకుంటున్నప్పుడే అది సులువు. ఫ్లెక్స్ వేశాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి విండోస్ ప్రోగ్రామ్ వేసుకునే వీలు ఉండదు. పరీక్షలో బ్రౌజర్ వేగం చూసి ముచ్చటపడే బదులు, వైఫై, శబ్దం, కెమెరా, మూత మూసి తెరిస్తే మేలుకోవడం, ప్రింటర్, ఆ మనిషి రోజూ తెరిచే మూడు నాలుగు వెబ్‌సైట్లు చూస్తాను. వైఫై జాబితాయే రాకపోతే ఫోన్‌ను తీగతో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఇచ్చి మిగతా పరీక్ష సాగిస్తాను, తరువాత చిన్న యూఎస్‌బీ వైఫై పరికరం సంగతి ఆలోచిస్తాను. గూగుల్ ప్రకటించే ధ్రువీకరించిన మోడళ్ల జాబితాలో యంత్రం ఉందా, ఉంటే మద్దతు ఏ ఏడాదితో ముగుస్తుందో కూడా ఖర్చు పెట్టించే ముందే చెబుతాను. జాబితాలో లేని యంత్రాల్లోనూ ఫ్లెక్స్ నడవవచ్చు, కానీ రేపటి అప్‌డేట్‌తో ఏదైనా ఆగిపోతే అడగడానికి ఎవరూ ఉండరు.

కొందరికి మాత్రం మొదటి మాటలోనే వద్దని చెబుతాను. జీఎస్టీ రిటర్నులకు డిజిటల్ సంతకం టోకెన్ వాడేవారికి, వేలిముద్ర యంత్రంతో ఆధార్ ధ్రువీకరణ చేసే సేవా కేంద్రాలవారికి కావలసిన ప్రోగ్రామ్‌లు ఫ్లెక్స్‌లో వేసుకునే వీలు లేదు. అనూ ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పెళ్లిపత్రికలు, కరపత్రాలు చేసే డీటీపీవారి పాత ఫైళ్లు ఇందులో తెరుచుకోవు. బ్రౌజర్‌లోకి ఎక్కించినా యూనికోడ్ కాని ఆ అక్షరాలు తెలుగుగా కనిపించవు. వారి లాప్‌టాప్ ఎంత నెమ్మదిగా ఉన్నా, ఎస్‌ఎస్‌డీ వేసి విండోస్‌లోనే ఉంచి, ఆ యంత్రంలో బ్యాంకు పనులు చేయవద్దని చెప్పి పంపుతాను.

పని అయ్యాక పెన్‌డ్రైవ్‌ను మళ్లీ మామూలు వాడకానికి తెచ్చుకోవడానికి అదే ఎక్స్‌టెన్షన్‌లో గేర్ గుర్తు కింద `Erase recovery media` ఉంటుంది. మేనల్లుడి పెన్‌డ్రైవ్‌ను అలా చెరిపి తిరిగి ఇచ్చాను. నేను తయారుచేసినది మాస్టారి దగ్గరే ఉంది. ఎప్పుడైనా యంత్రం తెరుచుకోకపోతే మళ్లీ ఇన్‌స్టాల్ చేయడానికి అదే కావాలి.